అమ్మానాన్నల్ని అమెరికా తీసుకెళ్ళాలా? ముందు తేల్చుకోవాల్సింది ఇన్సూరెన్స్, నాన్నగారి మతిమరుపు

ప్రశ్న: మేమిద్దరం డల్లాస్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం, ఇద్దరు పిల్లలు. నాకు సిటిజన్‌షిప్ వచ్చింది, మావారికి ఇంకా గ్రీన్ కార్డే. మా అమ్మానాన్న బెంగళూరు విజయనగర్‌లో సొంత ఇంట్లో ఉంటారు. నాన్నకి 72. సెంట్రల్ గవర్నమెంటులో రిటైర్ అయ్యారు, సీజీహెచ్ఎస్ వైద్య కార్డు ఉంది. షుగర్ ఉంది, గుండెకి స్టెంట్ వేశారు, ఏడాదిగా మతిమరుపు కూడా. అమ్మకి 67, ఆరోగ్యం పర్వాలేదు. నేను ఒక్కదాన్నే కూతుర్ని. ఇద్దరికీ గ్రీన్ కార్డు చేయించి, ఆరు నెలలు ఇక్కడా ఆరు నెలలు అక్కడా ఉంచుదామనుకుంటున్నాం. ఇది సరైన పద్ధతేనా?

జవాబు:

మీ పరిస్థితిలో గ్రీన్ కార్డు ఇప్పుడే వద్దని నా అభిప్రాయం. ఆరు నెలలు అటూ ఆరు నెలలు ఇటూ అనే ఏర్పాటుకైతే అది అసలు సరిపోదు. నేను కొన్నేళ్ళు న్యూజెర్సీలో ఒక ఆస్పత్రి బిల్లింగ్ విభాగంలో పనిచేశాను. ఇప్పుడు బెంగళూరులో, పిల్లలు విదేశాల్లో ఉన్న పెద్దవాళ్ళ బాగోగులు చూసే పని చేస్తున్నాను. ఆ రెండు వైపుల నుంచీ చూసిందే రాస్తున్నాను.

గ్రీన్ కార్డు అంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి పోయే పాస్ అని ఇక్కడ చాలామంది అనుకుంటారు. కానీ అది అమెరికాలో స్థిరంగా కాపురం ఉండేవాళ్ళకిచ్చే కార్డు. 180 రోజులు దాటి బయట ఉండి వస్తే ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు మొదలవుతాయి. ఏడాది దాటితే రీ-ఎంట్రీ పర్మిట్ లేకుండా ఆ కార్డు మీద తిరిగి రావడం కష్టం. ఆ పర్మిట్‌కి అమెరికాలో ఉండగానే దరఖాస్తు చేయాలి, మామూలుగా రెండేళ్ళకిస్తారు. 180 రోజుల్లోపే తిరిగొచ్చినా, ప్రతి ఏడాదీ సగం రోజులు బెంగళూరులోనే ఉంటూ, ఇల్లు, పెన్షన్, బ్యాంకు, డాక్టరు అన్నీ అక్కడే ఉంటే, అసలు మీ కాపురం ఎక్కడ అని ఆఫీసరు అడగొచ్చు. అందరినీ అడుగుతారని కాదు. కానీ అడిగితే ఆ కౌంటర్ దగ్గర నిలబడి జవాబు చెప్పాల్సింది మతిమరుపు ఉన్న మీ నాన్నగారు. ఆ క్షణంలో ఆయన "నేను విజయనగర్‌లో ఉంటాను, అమ్మాయిని చూడ్డానికి వచ్చాను" అంటే అది నిజమే, కానీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు చెప్పాల్సిన మాట కాదది.

ఇక అసలు విషయం, ఆరోగ్య ఖర్చు. బెంగళూరులో కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్సులో తల్లిదండ్రుల్ని చేర్చుకోవడం మామూలే కాబట్టి, డల్లాస్‌లో కూడా మీ ఆఫీసు పాలసీలో చేర్చుకోవచ్చని అనుకుంటారేమో. అక్కడ కంపెనీ పాలసీ సాధారణంగా భార్యాభర్తలకూ పిల్లలకూ మాత్రమే. 65 దాటినవాళ్ళకి ప్రభుత్వ బీమా మెడికేర్ ఉంటుందిగా అంటారు కొందరు. అమెరికాలో పనిచేసి పన్ను కట్టిన చరిత్ర లేనివాళ్ళు గ్రీన్ కార్డు మీద వరుసగా ఐదేళ్ళు అక్కడ నివాసం ఉంటేనే మెడికేర్ కొనుక్కోగలరు. అవును, కొనుక్కోవాలి, ఊరికే రాదు. 2025 లెక్క ప్రకారం ఆస్పత్రి భాగమైన పార్ట్ ఏకి నెలకు 518 డాలర్లు, డాక్టర్ల భాగమైన పార్ట్ బీకి 185 డాలర్లు. ఒక్కొక్కరికి 703 అన్నమాట. ఈ రేట్లు ఏటా మారుతుంటాయి. మీ నాన్నగారు ఈ ఏడాదే వెళ్ళారనుకున్నా ఆయనకు అది 77కి అందుతుంది. మధ్యలో నెలల తరబడి బెంగళూరులో ఉంటే, ఆ ఐదేళ్ళూ వరుసగా ఉన్నట్టేనా అనే ప్రశ్న మళ్ళీ వస్తుంది.

ఆ ఐదేళ్ళూ ఎలా గడపాలి? దారి ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు మార్కెట్‌ప్లేస్‌లో, అంటే ఒబామాకేర్‌లో పాలసీ కొనొచ్చు. అమెరికాకి మారిన 60 రోజుల్లోపు చేరితే, మామూలు గడువు కోసం ఎదురుచూడక్కర్లేదు. దీనిలో పెద్ద మేలు ఏమిటంటే పాత జబ్బుల్ని కారణంగా చూపి కాదనరు, స్టెంట్ ఉన్నా సరే. కానీ 64, ఆ పైన వయసువాళ్ళకు ప్రీమియం చివరి మెట్టు మీద ఉంటుంది. సబ్సిడీ లేకుండా మధ్యస్థమైన పాలసీకి మనిషికి నెలకు వెయ్యి డాలర్లు దాటుతుంది. ఇద్దరికీ కలిపి రెండు వేల పైన పెట్టుకోండి. ఆ పైన, పాలసీ డబ్బివ్వడం మొదలుపెట్టేలోపు మన జేబు నుంచి కట్టే డిడక్టిబుల్ వేరు.

సబ్సిడీ సంగతి జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే పాత సలహాలు ఇప్పుడు పనికిరావు. ఇదివరకు కొత్తగా గ్రీన్ కార్డు వచ్చిన పెద్దవాళ్ళకి ఆదాయం బాగా తక్కువున్నా సబ్సిడీ వచ్చేది, అందుకే "మా అత్తగారికి దాదాపు ఉచితంగా దొరికింది" అన్న మాటలు మీరు విని ఉంటారు. 2025లో చేసిన చట్టంతో 2026 నుంచి అది పోయింది. ఇప్పుడు పేదరిక రేఖకు పైన ఆదాయం చూపిస్తేనే సబ్సిడీ. 2025 పట్టిక ప్రకారం ఇద్దరికి ఆ రేఖ 21,150 డాలర్లు. మీ నాన్నగారి పెన్షన్, అద్దె లాంటివేమైనా ఉంటే అవీ కలిపి ఏడాదికి ఎనిమిది లక్షలు అనుకుంటే అది పది వేల డాలర్లలోపే. అంటే సబ్సిడీ రాదు. పోనీ వాళ్ళని మీ ట్యాక్స్‌లో డిపెండెంట్లుగా చూపించే వీలున్నా మీ ఇద్దరి జీతాలూ లెక్కలోకి వస్తాయి, అప్పుడూ రాదు. పేదలకిచ్చే మెడికెయిడ్ మీ టెక్సస్‌లో మొదటి ఐదేళ్ళు అసలు తలుపే తియ్యదు. కొన్ని రాష్ట్రాల్లో ఇంతకంటే ఉదారంగా ఉంటారు. కాబట్టి కాలిఫోర్నియాలోనో న్యూయార్క్‌లోనో ఉన్న స్నేహితురాలి అనుభవం మీకు వర్తిస్తుందనుకోకండి.

మీకు స్తోమత ఉంటే ఈ ఖర్చు భరించలేనిదేమీ కాదు. కానీ దేనికి బదులుగా అని చూసుకోండి. సీజీహెచ్ఎస్ కార్డు ఉన్న పెన్షనరుకి, ఆయన భార్యకి, పాత జబ్బు కొత్త జబ్బు అన్న తేడా లేదు, మందులు వెల్‌నెస్ సెంటర్లో దొరుకుతాయి, వాళ్ళ జాబితాలో ఉన్న ఆస్పత్రుల్లో చికిత్స జరుగుతుంది. ఆ కార్డు డల్లాస్‌లో చెల్లదు. అలాంటి కార్డు లేనివాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకి ఒక మాట: అమెరికా వెళ్తున్నాం కదా అని ఇక్కడి మెడిక్లెయిమ్ ఆపేయకండి. తిరిగొచ్చి కొత్త పాలసీ తీసుకుంటే పాత జబ్బులకి మూడేళ్ళ దాకా ఎదురుచూడాల్సి రావచ్చు. ప్రీమియం దండగ అనిపిస్తుంది, కానీ తిరిగి రావడానికి ఉన్న దారి అదే.

గ్రీన్ కార్డుతో వచ్చే ట్యాక్స్ బాధ్యత గురించి క్లుప్తంగా చెబుతాను. వాళ్ళ పెన్షన్, అద్దె, ఎఫ్‌డీ వడ్డీ అన్నీ అమెరికా రిటర్నులో చూపాలి. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా పది వేల డాలర్లు దాటితే ఆ ఖాతాల వివరాలతో విడిగా ఎఫ్‌బార్ అనే పత్రం దాఖలు చేయాలి. రిటైరైనవాళ్ళలో చాలామందికి ఎఫ్‌డీలే అంతకంటే ఎక్కువ ఉంటాయి. ఇక మీరు సంతకం పెట్టే ఐ-864 పత్రం, వాళ్ళ పోషణ భారం మీదేనన్న చట్టబద్ధమైన హామీ. మీ ఇంట్లో అప్పుడు ఆరుగురు కాబట్టి 2025 లెక్కన సుమారు 53,900 డాలర్ల ఆదాయం చూపాలి, అది మీకు కష్టం కాదు. కానీ వాళ్ళు సిటిజన్లయ్యేదాకా, లేదా గ్రీన్ కార్డు వదులుకుని అమెరికా నుంచి వెళ్ళిపోయేదాకా, ఆ హామీ మిమ్మల్ని పట్టుకునే ఉంటుంది.

"సరే, వాడినా వాడకపోయినా దరఖాస్తు పెట్టి ఉంచుదాం" అని చాలామంది చేసే పని చెయ్యకండి. సిటిజన్ తల్లిదండ్రులకి ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి లేదు. అన్నదమ్ముల కేసుల్లో లాగా ఏళ్ళ తరబడి క్యూ ఉండదు. ముందే క్యూలో నిలబడితే వచ్చే లాభం లేదన్నమాట. నష్టం మాత్రం ఉంది. ఐ-130 అనే ఆ దరఖాస్తు వేశాక, వీళ్ళు స్థిరపడటానికే వస్తున్నారని కాగితం మీద రాసిచ్చినట్టవుతుంది. తర్వాత చెన్నైలో విజిటర్ వీసా ఇంటర్వ్యూకి వెళ్తే, తిరిగొచ్చేస్తామని వాళ్ళు చెప్పినా నమ్మించడం కష్టం. ఇప్పటికే పదేళ్ళ వీసా చేతిలో ఉన్నా ఎయిర్‌పోర్టులో అదే ప్రశ్న రావచ్చు.

ఇక విజిటర్ వీసా. దీనికి ఉన్న పెద్ద లోపం ఇన్సూరెన్స్. విజిటర్ పాలసీలు సాధారణంగా పాత జబ్బుల్ని కవర్ చేయవు. "పాత జబ్బు హఠాత్తుగా ముదిరితే" అని ఒక క్లాజు కనిపిస్తుంది. దానికి వయసు పరిమితి, డబ్బు పరిమితి రెండూ ఉంటాయి. 70 దాటాక చాలా పాలసీల్లో అది బాగా తగ్గిపోతుంది, కొన్నిట్లో పూర్తిగా పోతుంది. నేను బిల్లింగ్‌లో ఉండగా ఇలాంటి కేసులు తరచూ చూసేదాన్ని. ఛాతీ నొప్పితో పెద్దాయన్ని ఎమర్జెన్సీకి తీసుకొస్తారు, ఇన్సూరెన్సువాళ్ళు ఇండియా నుంచి పాత రికార్డులు పంపమంటారు, స్టెంట్ వేసిన డిశ్చార్జ్ సమ్మరీ చూసి క్లెయిమ్ తిప్పికొడతారు. తర్వాత కొడుకో కూతురో ఆస్పత్రితో బేరమాడి వాయిదాల్లో కట్టుకుంటారు. కాబట్టి మీ నాన్నగారి విషయంలో ఆ పాలసీ జారిపడటం, న్యుమోనియా లాంటి కొత్త సమస్యలకే అనుకోండి. గుండెకి సంబంధించి ఏమైనా వస్తే మీ జేబు నుంచే అని ముందే తెలిసి వెళ్ళాలి. ఆ మాట కొనేముందు ఏజెంటు ఎలాగూ చెప్పడు.

ఇంకా విడిగా మాట్లాడని ముఖ్యమైన విషయం మతిమరుపు. నిజానికి మీ నిర్ణయం దీనిమీదే తిరుగుతుంది. వయసు వచ్చింది కదా అని వదిలేయకండి. షుగర్‌కి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలో బి12 తగ్గడం మామూలు, బి12 తగ్గితే మతిమరుపు వస్తుంది. థైరాయిడ్ తగ్గినా వస్తుంది. షుగర్ మాత్రల వల్ల చక్కెర తరచూ పడిపోతుంటే మనిషి అయోమయంగా ఉంటాడు. చెవి సరిగా వినపడనివాళ్ళు కూడా చెప్పింది మర్చిపోయినట్టే కనిపిస్తారు. మనసు కుంగిపోయినా అంతే. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. బి12, థైరాయిడ్, సోడియం, మూడు నెలల షుగర్ పరీక్ష, వినికిడి పరీక్ష చేయించి, ఆ తర్వాత న్యూరాలజిస్టు దగ్గర జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి. మెదడు, మానసిక జబ్బులకి పేరున్న నిమ్హాన్స్ ఆస్పత్రి మీ ఊళ్ళోనే ఉంది. పరీక్ష ఆయనకి అలవాటైన భాషలో జరగడం ముఖ్యం. తెలుగులోనో కన్నడంలోనో అడిగేవాళ్ళు బెంగళూరులో దొరుకుతారు. డల్లాస్‌లో దుబాసీని పెట్టి చేయిస్తే ఫలితాన్ని అంతగా నమ్మలేం.

వీడియో కాల్‌లో మీకు తెలిసేది సగమే. ఇలాంటి ఇళ్ళలో నేను ఎప్పుడూ గమనించేది ఒకటుంది. నాన్నగారు మాట్లాడుతుంటే అమ్మగారు పక్కనుంచి పేర్లు, తేదీలు అందిస్తుంటారు. కప్పిపుచ్చాలని కాదు, అలవాటు అది. ఒకసారి అమ్మగారిని వంటింట్లోకి వెళ్ళమని, ఆయనతో ఒక్కరితో పావుగంట మాట్లాడండి. నిన్న ఎవరొచ్చారు, పెన్షన్ ఎప్పుడు తీశారు అని మామూలుగా అడగండి. అదే కాల్‌లో అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారా చూడండి. తర్వాత అమ్మగారిని విడిగా అడగండి: తెలిసిన దారిలో ఎప్పుడైనా తప్పిపోయారా, ఒకే మాత్ర రెండుసార్లు వేసుకున్నారా, సాయంత్రం అయ్యేసరికి చిరాకు, కంగారు ఎక్కువవుతోందా. వీటిలో ఏదైనా ఉంటే మామూలు వయసు మరుపు దాటిందని అర్థం.

బి12 లాంటిది బయటపడితే వైద్యం చేయించి, కొన్ని నెలలాగి మళ్ళీ పరీక్షించాకే అమెరికా ఆలోచన చెయ్యండి. డిమెన్షియా అని తేలితే నా సలహా ఇంకా గట్టిగా ఉంటుంది. ఆయన ఈరోజు సగం పనులు అలవాటు మీదే నడిపిస్తున్నారు. తలుపు తీస్తే ఏ వైపు పార్కో, మందుల షాపువాడు ఎవరో, కన్నడంలో పలకరించే పక్కింటాయన పేరేమిటో ఆలోచించకుండానే తెలుసు. డల్లాస్ శివార్లలో ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయి, ఫుట్‌పాత్ మీద మనుషులుండరు. పొద్దున మీరిద్దరూ ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి వెళ్ళాక ఆయన్ని చూసుకునేది మీ అమ్మగారు ఒక్కరే. ఆవిడకు కారు నడపడం రాకపోతే డాక్టరు దగ్గరకి కూడా మీరు వచ్చేదాకా ఆగాలి. పైగా ప్రయాణం, టైమ్ మారడం, నిద్ర చెడటం వల్ల ఇలాంటివాళ్ళలో అయోమయం కొన్ని వారాలు ఎక్కువవుతుంది.

మనిషిని పెట్టుకుందామంటే అక్కడ గంటకు 30 డాలర్ల చుట్టూ, చాలాచోట్ల పైనే. వారానికి ఐదు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు అనుకుంటే నెలకు ఐదు వేల డాలర్లు. మెడికేర్ వచ్చాక ఈ ఖర్చు తీరుతుందనుకుంటారు. తీరదు, స్నానం చేయించి అన్నం పెట్టి కనిపెట్టుకునే సాయానికి మెడికేర్ డబ్బివ్వదు. బెంగళూరులో ఏజెన్సీ ద్వారా ఇంట్లోనే ఉండే అటెండెంట్ నెలకు ముప్ఫై నుంచి నలభై వేల రూపాయల్లో దొరుకుతారు. వాళ్ళు ఉన్నట్టుండి మానేస్తారు, సెలవు పెడతారు, ఆ తలనొప్పి ఉంది. అందుకే ఒక్క ఏజెన్సీ మీద ఆధారపడకుండా రెండో నంబరు కూడా చేతిలో ఉంచుకోవాలి.

ఇక్కడే ఉంచితే ఏమేం చేయాలో కొద్దిగా చెబుతాను. అర్ధరాత్రి ఏదైనా అయితే డల్లాస్ నుంచి మీరు వచ్చేసరికి ఒక రోజు పైనే పడుతుంది. కాబట్టి ఆ మొదటి రోజు ఎవరు నిలబడతారన్నదే ప్రశ్న. చుట్టమైనా, పక్కింటివాళ్ళైనా, డబ్బు తీసుకుని చూసే మనిషైనా ఒక్కరి పేరు ఖాయం చేయండి. ఇంటి తాళం ఒకటి వాళ్ళ దగ్గర, సీజీహెచ్ఎస్ కార్డు కాపీ, స్టెంట్ కాగితాలు, వాడుతున్న మందుల జాబితా ఒక ఫైలులో ఉండాలి. గుండెకి ఏ ఆస్పత్రికి వెళ్ళాలో ముందే నిర్ణయించుకోండి. జయదేవ పేరు అందరికీ తెలుసు, కానీ విజయనగర్ నుంచి సాయంత్రం ట్రాఫిక్‌లో ఎంతసేపు పడుతుందో ఒకసారి వెళ్ళి చూడండి. దగ్గర్లో యాంజియోప్లాస్టీ చేసే, సీజీహెచ్ఎస్ జాబితాలో ఉన్న ఆస్పత్రి ఉంటే అదే మేలు. ఆంబులెన్స్‌కి 108. పెద్దవాళ్ళ సమస్యలకి బెంగళూరు పోలీసుల హెల్ప్‌లైన్ 1090, దేశమంతటికీ ఎల్డర్‌లైన్ 14567. ఈ నంబర్లు ఫ్రిజ్ మీద అంటించండి.

కాగితాల పని ఒకటి మాత్రం వాయిదా వేయకండి. మన దేశంలో పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చిన మనిషికి మతి స్థిమితం తప్పితే ఆ పత్రం చెల్లదు. అమెరికాలో లాగా ఆ తర్వాత కూడా నిలిచే పద్ధతి ఇక్కడ లేదు. అందుకే ఆయన చదివి అర్థం చేసుకుని సంతకం పెట్టగలిగినప్పుడే వీలునామా రాయించండి. పెన్షన్ ఖాతాను అమ్మగారితో కలిపి ఇద్దరిలో ఎవరైనా నడిపే జాయింట్ ఖాతాగా మార్పించండి. ఎఫ్‌డీలకి కూడా అంతే. ఇది చెయ్యక, ఆయన మందులకే ఆయన డబ్బు తీయలేక తిరిగిన ఇళ్ళు నాకు తెలుసు.

మరి గ్రీన్ కార్డు ఎప్పుడు? ఎప్పుడో ఒకరోజు ఇద్దరిలో ఒకరే మిగులుతారు. అది అమ్మగారైతే, ఒంట్లో ఓపిక ఉండి మీ దగ్గర పూర్తిగా ఉండటానికి ఆవిడే ఇష్టపడితే, అప్పుడు దరఖాస్తు చేయండి. తల్లికీ తండ్రికీ విడివిడిగా ఐ-130 వేయాలి కాబట్టి ఒకరి కోసం మాత్రమే వేయడానికి అడ్డేమీ లేదు. ఆలస్యానికి ఒక నష్టం ఉంది, అది దాచను. ఆవిడ 67లో వస్తే మెడికేర్ 72కి దొరుకుతుంది, 75లో వస్తే 80కి. మధ్యలో ఐదేళ్ళ మార్కెట్‌ప్లేస్ ప్రీమియం ఎలాగూ మీదే. ఆ డబ్బు ఇప్పటినుంచే పక్కన పెడితే తర్వాత ఇబ్బంది ఉండదు. ఇంకో మాట, మీవారికి ఇంకా గ్రీన్ కార్డే అన్నారు కదా. ఆయన సిటిజన్ అయ్యేదాకా తన తల్లిదండ్రులకి దరఖాస్తు వేయలేరు, వాళ్ళ తరఫున మీరూ వేయలేరు, అత్తమామలకి కోడలి ద్వారా ఆ దారి లేదు. మీవాళ్ళు వచ్చి అక్కడే ఉంటే రేపు వాళ్ళ సంగతేమిటన్నది ఇద్దరూ ఇప్పుడే మాట్లాడుకోండి. ఆ సంగతి ముందే మాట్లాడుకోకుండా మొదలుపెట్టిన ఇళ్ళలో గొడవ ఖర్చు దగ్గర రాదు, ఇక్కడే వస్తుంది.

ఇప్పటికి పరీక్షలు అయ్యాక, డాక్టరు ప్రయాణానికి సరేనంటే, విజిటర్ వీసా మీద మూడు నెలలు రమ్మనండి. డల్లాస్ ఎండా, చలీ రెండూ కష్టమే కాబట్టి అక్టోబరులో దిగేలా చూడండి. వీలైతే మీరే వచ్చి వెంట తీసుకెళ్ళండి, ఆయన్ని ఒంటరిగా విమానం మార్పించొద్దు. మందులు చేతి సంచీలోనే, డాక్టరు చీటీతో సహా. దిగిన వారంలో ఐ-94 వెబ్‌సైట్లో ఎప్పటివరకు ఉండనిచ్చారో చూసుకోండి. వీసా మీద ఉన్న గడువు వేరు, ఉండనిచ్చిన గడువు వేరు. సాధారణంగా ఆరు నెలలిస్తారు. అంతసేపు ఉంచి, నెల తిరక్కుండా మళ్ళీ పిలిపిస్తే తర్వాతి రాకకి ప్రశ్నలు ఎదురవుతాయి. ఆ మూడు నెలల్లో మీరు సెలవు పెట్టి ఇంట్లో కూర్చోకండి. మొదటి రెండు వారాలు తప్ప మామూలుగా ఆఫీసుకి వెళ్ళండి. పగలు ఆ ఇంట్లో ఆయన, ఆవిడ ఎలా గడుపుతున్నారో సాయంత్రం మీ అమ్మగారి ముఖం చూస్తే తెలుస్తుంది. ఆవిడని ఆయన ముందు అడగొద్దు, విడిగా అడగండి.